హెల్మెట్‌కి ఒకసారి, ఫోన్‌కి ఒకసారి: లైసెన్సు రద్దవుతుందా?

అడిగినది: "అన్నా, మాది బరంపురం. ఓడి-07 లైసెన్సు. ఓనరు పికప్ బండి నడుపుతాను, ఇచ్ఛాపురం, పలాస లోడ్లు. రెండేళ్ల కిందట బైకు మీద హెల్మెట్ లేదని లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ చేశారు. మొన్న పికప్ నడుపుతూ ఫోన్ మాట్లాడానని మళ్లీ తీసేసుకున్నారు. బండి మీద నాలుగు కెమెరా చలాన్లు కూడా ఉన్నాయి. హైదరాబాదులో 12 పాయింట్లు దాటితే పోతుందంటున్నారు, నాకు ఎన్ని అయ్యాయి? ఇచ్ఛాపురంలో మా అత్తోరింటి అడ్రసు మీద కొత్త లైసెన్సు తీసేసుకోవచ్చా?"

తమ్ముడూ, ముందు ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్తాను, ఎందుకంటే నువ్వు ఈ వారంలోనే ఆ పని చేసేస్తావేమోనని నా భయం. ఇచ్ఛాపురం వెళ్లకు. కారణం కింద చెప్తాను. ఈలోగా ఏ ఏజెంటు చేతిలోనూ డబ్బు పెట్టకు.

నేను బరంపురంలో పంతొమ్మిదేళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. అంతకుముందు పదకొండేళ్లు ఎన్‌హెచ్-16 మీద లారీ తోలాను. నీలాంటి కాగితాలు పట్టుకొని నెలకి ఇద్దరు ముగ్గురైనా మా స్కూలు మెట్లెక్కుతారు. అందరూ అడిగేది ఒకటే, "ఎన్ని పాయింట్లు?" అని.

ఆ పాయింట్ల సంగతి తెలంగాణది. 2017 ఆగస్టులో హైదరాబాదులో మొదలుపెట్టారు. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సు ఏడాది సస్పెండ్ అవుతుందని అప్పుడు వాళ్ల రాష్ట్రం పెట్టిన నిబంధన. అది ఒడిశా లైసెన్సుకి తగలదు. మన లైసెన్సుకి తగిలేది దేశమంతటికీ ఉన్న మోటారు వాహనాల చట్టం. ఆ చట్టంలో పాయింట్ల పట్టిక అంటూ లేదు. పట్టిక లేదు కదా అని సంబరపడకు. పాయింట్లయితే రెండేళ్లకి చెరిగిపోతాయి. మన లెక్క అలా చెరగదు.

2019లో చట్టం మార్చినప్పుడు 206వ సెక్షనులో నాలుగో ఉపసెక్షను చేర్చారు. దాని ప్రకారం ఎనిమిది రకాల తప్పుల్లో ఏది చేశావని అనుమానం వచ్చినా పోలీసు నీ లైసెన్సు తీసుకొని ఆర్టీవోకి పంపాలి. వాటిలో మనవాళ్లకి రోజూ తగిలేవి అయిదు: అతివేగం 183, ప్రమాదకరంగా నడపడం 184, తాగి నడపడం 185, బైకు మీద ముగ్గురెక్కడం 194సి, హెల్మెట్ లేకపోవడం 194డి. సిగ్నల్ దాటడం, ఎదురు దారిలో వెళ్లడం, చేత్తో ఫోన్ పట్టుకొని నడపడం, ఇవన్నీ 184లోకే వస్తాయి. అలా వచ్చిన లైసెన్సు మీద ఆర్టీవో 19(1ఎ) కింద ఆర్డరు వేస్తాడు. మొదటి తప్పు అయితే మూడు నెలలు అనర్హత. రెండోది, ఆ తర్వాతది అయితే లైసెన్సు రద్దు. మధ్యలో మెట్టు లేదు.

ఇప్పుడు నీ గుండె జారి ఉంటుంది, హెల్మెట్ ఒకటి, ఫోన్ ఒకటి, రెండయ్యాయి కదా అని. ఆగు. అదే సెక్షనులో నీకు పనికొచ్చే మాటలు మూడున్నాయి. వాటిని చదవకుండానే మనవాళ్లు సంతకాలు పెట్టేస్తారు. నోటీసు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తుంది, చదివి చెప్పేవాడు దొరకడు, ఏజెంటు "ఇక్కడ పెట్టు బాబూ" అంటాడు.

ఒకటి, ఆర్టీవో నీ మాట వినకుండా ఆర్డరు వేయకూడదు. విన్నాక నిన్ను వదిలేసే అధికారం కూడా ఆయనకుంది, చట్టంలోనే ఉంది. వేస్తే మాత్రం కారణాలు వివరంగా రాయాలి.

రెండు, అనర్హత లైసెన్సులో ఉన్న "అన్ని తరగతులకీ లేదా ఏదో ఒక తరగతికి" వేయొచ్చు. రెండేళ్ల కిందట హెల్మెట్ కేసులో నువ్వు ఈ మాట అడిగి ఉంటే బైకుకి మాత్రమే మూడు నెలలు పడి, పికప్ నడుపుకోవడానికి ఎల్‌ఎంవీ నీ చేతిలో మిగిలే అవకాశం ఉండేది. బైకు తప్పుకి పికప్ కూలి పోగొట్టుకున్నవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. ఒక్కరూ అడగలేదు. అడిగితే ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వను, అది అధికారి చేతిలో పని. కానీ అడగనిదానికి ఆయన తనంతట తాను ఇవ్వడు కదా.

మూడోది నీ కేసుకి అసలైనది. 19(1ఎ)లో "రెండో తప్పు" అని ఉంది గానీ అదే రకం తప్పా, ఎనిమిదింటిలో ఏదైనానా అని రాయలేదు. ఎన్నేళ్లలోపు అన్న గడువూ లేదు. అయితే ఫైను అక్కడికక్కడే కట్టి రాజీ అయ్యే సంగతి చెప్పే 200వ సెక్షనులో, అలా కట్టిన తప్పుని తర్వాత చేసిన "అదే తప్పు"కి ముందరి తప్పుగా లెక్కించాలని ఉంది. నీ మొదటిది 194డి, ఇప్పటిది 184. నేనైతే హియరింగులో ఇదే పట్టుకుంటాను: "అయ్యా, 184 కింద నాకిది మొదటిది, కాబట్టి మూడు నెలలకే పరిమితం చేయండి" అని. అధికారి ఒప్పుకోకపోవచ్చు, ఎనిమిదీ ఒకే కుప్ప అని చదవొచ్చు. కానీ ఈ వాదన రాతలో పెట్టి ఉంటేనే రేపు అప్పీలులో ఎత్తుకోవడానికి ఉంటుంది.

ఇక్కడే ఇంకో అపోహ కూడా తీసేస్తాను. "ఫైను కట్టేశాను, అయిపోయింది" అనుకుంటారు అందరూ. అదే 200వ సెక్షనులో స్పష్టంగా ఉంది, ఫైను కట్టినంత మాత్రాన లైసెన్సు మీద నడిచే వ్యవహారం ఆగదు, రిఫ్రెషర్ కోర్సు తప్పదు. ఫైను ఒక దారి, లైసెన్సు ఇంకో దారి.

ఇక కాగితం చూద్దాం. పోలీసు నీకిచ్చిన రసీదు తీసి సెక్షను దగ్గర వేలు పెట్టు. 184 అని ఉందా, 177 అని ఉందా? 177 అనేది ఎక్కడా చేరని చిల్లర తప్పుల సెక్షను, అది ఆ ఎనిమిదింటిలో లేదు. 177 మాత్రమే రాసి లైసెన్సు పంపి ఉంటే, 206(4) కింద పంపడానికి ఆధారం ఏమిటని హియరింగులో అడగొచ్చు. 184 అని ఉంటే రెండో ప్రశ్న: ఫోన్ చేతిలో ఉందా, స్టాండులో పెట్టి దారి చూసుకుంటున్నావా? 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం డ్రైవరు దృష్టి చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చు. నువ్వు "మాట్లాడాను" అని రాశావు కాబట్టి ఈ దారి నీకు లేదనుకుంటాను. లేనిది ఉన్నట్టు చెప్పకు, కాల్ రికార్డు తీస్తే అంతా బయటపడుతుంది.

కెమెరా చలాన్ల సంగతి వేరు. కెమెరాకి కనబడేది నెంబరు ప్లేటు, నీ ముఖం కాదు. అందుకే ఆ చలాన్ ముందు ఓనరు పేరు మీదకి వెళ్తుంది. బండి ఎవరు నడిపారో చెప్పమంటే ఓనరు చెప్పి తీరాలి, 133వ సెక్షను. ఆయన నీ లైసెన్సు నెంబరు ఇచ్చాడా లేదా అన్నదే నీకు కావలసిన సంగతి. echallan.parivahan.gov.in తెరిచి ఒకసారి బండి నెంబరు కొట్టు, ఇంకోసారి విడిగా నీ లైసెన్సు నెంబరు కొట్టు. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడు. నాలుగూ బండి జాబితాలోనే ఉండి నీ జాబితాలో లేకపోతే అవి ఓనరు తలనొప్పి. నీ జాబితాలో కూడా కనబడితే జాగ్రత్త. అవి ఏ సెక్షనువో చూడు. అతివేగం రెండోసారి అయితే లైసెన్సు తీసుకోవాలని 183లోనే విడిగా రాసుంది. అదీ కాక 19(1)(డి) అని పాత క్లాజు ఒకటుంది. డ్రైవరుగా నీ వెనకటి నడత చూస్తే నీ డ్రైవింగు జనానికి ప్రమాదం అనిపిస్తే చాలు, ఆ ఎనిమిది తప్పులతో పని లేకుండానే ఆర్టీవో అనర్హుణ్ని చేయొచ్చు. చలాన్లు కుప్ప పడటం అనేది మన చట్టంలో ఈ దారిలో కూడా పనిచేస్తుంది. పాయింట్లు లేకపోయినా కుప్ప కనబడుతుంది. 2020 నుంచి తప్పులూ, సస్పెన్షన్లూ తేదీల వరసలో పోర్టల్లో పెడుతున్నారు, హియరింగులో అధికారి ముందున్న తెరమీద అదే ఉంటుంది.

మా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి కథ చెప్తాను, ఎక్కడ ఎక్కడ రోజులు కారిపోతాయో నీకు తెలుస్తుంది. 2023 మార్చి 6న హెల్మెట్ లేదని పట్టుకున్నారు. వెయ్యి రూపాయలు అక్కడే కట్టి, లైసెన్సు ఇచ్చేసి, రసీదు జేబులో పెట్టుకొచ్చాడు. నోటీసు వాడి లైసెన్సు మీదున్న అడ్రసుకి వెళ్లింది. అది వాడు మూడేళ్ల కిందట ఖాళీ చేసిన అద్దె ఇల్లు. మొబైల్ నెంబరూ పాతదే. హియరింగుకి వెళ్లలేదు. మార్చి 28న ఆర్డరు పడింది, జూన్ 27 దాకా, అన్ని తరగతులకీ.

వాడికి ఇవేవీ తెలియవు. పోలీసు రసీదు ఉంది కదా, ఫోనులో డిజిలాకర్ ఉంది కదా అని బండి తోలుతూనే ఉన్నాడు. ఆ రసీదు లైసెన్సు తిరిగొచ్చేదాకా నడపడానికి పనికిరాదని చట్టంలోనే రాసుంది. మే 17న ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. వాడు దర్జాగా ఫోను చూపించాడు. అక్కడి అధికారి లైసెన్సు నెంబరు తన మిషనులో కొట్టాడు, సస్పెండ్ అని వచ్చింది. 182వ సెక్షను, అనర్హత ఉండగా నడపడం. మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల ఫైను, లేదా రెండూ. వాడికి ఫైనుతో పోయింది. వెయ్యి రూపాయల తప్పు పదకొండు వేలయింది. పక్క సీట్లో ఉన్న ఓనరు ముఖం నాకిప్పటికీ గుర్తే. ఆయన భయం ఫైను గురించి కాదు. అనర్హత ఉన్న డ్రైవరు చేతిలో బండికి యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు కంపెనీకి చట్టంలోనే సాకు దొరుకుతుంది. బాధితుడికి కట్టినా ఆ సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకుంటుంది. మర్నాడే వాణ్ని పనిలోంచి తీసేశాడు.

కథ అక్కడితో అవలేదు. జూన్ 28న లైసెన్సు తెచ్చుకుందామని వెళ్తే ఇవ్వలేదు. గడువు అయిపోతే చాలదు, రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేసిన సర్టిఫికెట్ ఉంటేనే తిరిగివ్వాలని 19వ సెక్షనులో ఉంది. అప్పుడు వెతుక్కొని, సీటు దొరికి, కోర్సు చేసి, కాగితం అప్పగించి లైసెన్సు చేతిలో పడేసరికి జూలై 19. లెక్క వేశాం. పట్టుకున్న రోజు నుంచి ఆర్డరు దాకా 22 రోజులు, ఆర్డరులో 92, కోర్సు కోసం 22. మొత్తం 136 రోజులు. శిక్ష 92 రోజులే. మిగిలిన 44 రోజుల్లో చాలామటుకు అడ్రసు మార్చుకోకపోవడం వల్ల, అడగకపోవడం వల్ల పోయినవే.

అందుకని నువ్వు చేయాల్సింది ఇది. రేపే దేశమంతటి లైసెన్సుల రికార్డులుండే సారథి పోర్టల్లో నీ లైసెన్సు స్టేటస్ చూడు, అందులో అడ్రసూ మొబైల్ నెంబరూ ఇప్పటివేనా అని కూడా చూడు. నోటీసు కోసం ఇంట్లో కూర్చోకు. రసీదు జిరాక్సు పట్టుకొని ఆర్టీవో ఆఫీసులో లైసెన్సు వచ్చిందా, హియరింగు తేదీ ఎప్పుడు అని అడుగు. హియరింగుకి ఒక పేజీ జవాబు రాసుకొని వెళ్లు, ఇంగ్లీషులో అయినా ఒడియాలో అయినా సరే, రెండు కాపీలు, ఒకదాని మీద ముద్ర వేయించుకో. ఆ పేజీలో "పేదవాణ్ని, పిల్లలున్నారు" అని రాసి ఊరుకోకు. ఆ మాట రోజుకి ఇరవైమంది చెప్తారు, అధికారి ఆర్డరులో కారణంగా రాసుకోవడానికి అది పనికిరాదు. రాసుకోవడానికి వీలైనవి ఇవ్వు: 184 కింద ఇది మొదటిది అని, రెండేళ్ల కిందటి అనర్హత పూర్తిగా అనుభవించి మధ్యలో బండి ముట్టలేదని, ఆ తర్వాత నీ నెంబరు మీద ఏమీ లేదని (జాబితా ప్రింటు జత చేయి, నిజమైతేనే), రిఫ్రెషర్ కోర్సుకి ఇప్పుడే పేరు ఇచ్చానని. వేయక తప్పదనుకుంటే ఎల్‌ఎంవీకే పరిమితం చేసి బైకు వదిలేయమని, లైసెన్సు తీసుకున్న రోజు నుంచే గడువు లెక్కించమని రెండు విన్నపాలు విడిగా రాయి. ఈ ఆఖరిది అధికారి దయ. ఒప్పుకుంటే నీకు రోజులు మిగులుతాయి, లేదంటే ఆర్డరులో రాసిన తేదీలే తేదీలు.

కోర్సు గురించి ఒక మాట. నాకూ స్కూలుంది కాబట్టి వ్యాపారం అనుకుంటావేమో, అందుకే చెప్తున్నాను, మా దగ్గరికే రావక్కర్లేదు. 12వ సెక్షను కింద లైసెన్సున్న స్కూలో సంస్థో అయితే చాలు. కానీ డబ్బు కట్టేముందు ఆర్టీవో ఆఫీసులో "వీళ్ల సర్టిఫికెట్ తీసుకుంటారా?" అని అడిగి కట్టు. క్లాసుకి రాకుండానే సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ల కాగితం తెరమీద ఎక్కదు, లైసెన్సు తాళం వేసే ఉంటుంది.

రద్దు ఆర్డరే పడిందనుకో. అది చేతికందిన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలు వేసుకోవాలి. అందిన తేదీ రాసుకో, కవరు పారేయకు. అప్పీలు వేశాను కదా అని బండి ఎక్కకు, పై అధికారి ఆపమని రాతపూర్వకంగా చెప్పేదాకా ఆర్డరు ఆర్డరే. అప్పీలు కూడా పోతే లెర్నర్స్ దగ్గర్నుంచి మళ్లీ మొదలు: లెర్నర్స్ వచ్చాక కనీసం 30 రోజులు, ఆపైన టెస్టు. నీ పికప్ 7,500 కేజీల లోపు బండే కాబట్టి మామూలు ఎల్‌ఎంవీ సరిపోతుంది, 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. రద్దయినవాళ్ల పేర్లు జనం చూసేలా బయటపెట్టే అధికారం కూడా చట్టం ఇచ్చింది. కొత్త ఓనరు దగ్గర ఉద్యోగం అడిగేటప్పుడు అది అడ్డమొస్తుంది, మనసులో పెట్టుకో.

ఇక ఇచ్ఛాపురం. పాతిక కిలోమీటర్లు దాటితే రాష్ట్రం మారుతుంది గానీ సారథి మారదు. అనర్హత ఆర్డరు అనేది లైసెన్సును "కలిగి ఉండటానికే" కాదు, కొత్తది "పొందడానికి" కూడా అడ్డు. ఆ గడువులో లైసెన్సుకి దరఖాస్తు చేయడమే 182 కింద నేరం. ఒకవేళ ఆర్డరు ఇంకా పడలేదు కదా అని ఇప్పుడే వెళ్తే, ఒకరికి రెండు లైసెన్సులు ఉండకూడదన్న 6వ సెక్షను ఉంది. ఆధార్‌తోనో ఫొటోతోనో దొరికితే మోసంతో తీసుకున్న లైసెన్సు అని దాన్నీ రద్దు చేస్తారు. అప్పుడు నీ ఫైలులో ఫోన్ తప్పు పక్కన మోసం కూడా చేరుతుంది, హియరింగులో నువ్వు చెప్పిన ఏ మాటా నిలబడదు. మీ అత్తోరింట్లో రెండు రోజులుండి భోంచేసి రా, లైసెన్సు కోసం మాత్రం వద్దు.

మచ్చ పోవడం గురించి కూడా అడుగుతారు చాలామంది, కాబట్టి చెప్పేస్తాను. లైసెన్సు మీద ఎండార్స్‌మెంటు, అంటే శిక్ష పడినట్టు రాత, ఉంటే, ఆఖరి ఎండార్స్‌మెంటు తర్వాత వరసగా మూడేళ్లు ఇంకోటి పడకపోతే శుభ్రమైన కొత్త లైసెన్సు అడిగే హక్కు 24వ సెక్షను ఇస్తుంది. కేవలం అతివేగం ఎండార్స్‌మెంటే అయితే ఏడాది చాలు. అనర్హతలో గడిపిన రోజులు ఆ మూడేళ్లలో లెక్కకి రావు. చట్టంలో దానికి ఫీజు అయిదు రూపాయలు అని ఉంటుంది, 1988 నాటి లెక్క. కానీ ఒకటి గుర్తుంచుకో. దానివల్ల లైసెన్సు మీద రాత పోతుంది గానీ, 19(1ఎ)లో "మొదటి తప్పు, రెండో తప్పు" అనే లెక్కకి గడువు రాయలేదని పైన చెప్పాను కదా, ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని ఎక్కడా లేదు.

రసీదు మీద సెక్షను నెంబరు చూసి ఇక్కడ రాయి. 184 అయితే జవాబు పేజీ ఎలా ఉండాలో నేను రాసిస్తాను. ఆ రసీదు ఫొటో మాత్రం ఇక్కడ పెట్టకు, అందులో నీ లైసెన్సు నెంబరుంటుంది.